తెలిసిన చుక్క

కొండ మీది వేధశాలకు వచ్చే మెయిళ్ళకు జవాబులు పంపడం రదోస్తినా పని. ఆ ఉదయం పెద్ద శాస్త్రజ్ఞుడు ఒగ్న్యాన్ రాసిపెట్టిన జవాబు ఒకటి తెర మీద సిద్ధంగా ఉంది: "కొత్తది కాదు. తెలిసిన గ్రహశకలం. పంపేముందు జాబితా చూసుకోండి."

దాని కింద స్పాస్ రాసిన మెయిల్ ఉంది. అతడు కొండకు ఆవలి లోయలో తేనెటీగలు పెంచుకునే మనిషి. వరుసగా తీసిన చిత్రాలలో, కదలని నక్షత్రాల నడుమ కొద్దికొద్దిగా జరిగిన ఒక చుక్కను పట్టుకుని, దాని స్థానాలు కొలిచి పంపాడు. చివర ఒక మాట చేర్చాడు: ఇది కూడా నా భ్రమే అయితే టెలిస్కోపు ఎవరికైనా ఇచ్చేస్తాను.

రదోస్తినా చేయి ఆగిపోయింది. జవాబులో అబద్ధమేమీ లేదు. అయినా అది చదివితే స్పాస్ తాను అసలేమీ చూడలేదనే అనుకుంటాడు.

"ఒగ్న్యాన్ గారూ, దీన్ని కాస్త మార్చనా?"

ఆయన జున్ను పొరల రొట్టె, బానిత్సా, తుంచి నోట్లో వేసుకున్నాడు. "తప్పేముంది అందులో?"

"తప్పు లేదండీ. మనిషే లేడు."

"సరే, పెట్టు మనిషిని. పురాణం మాత్రం విప్పకు తల్లీ."

ఆమె రాసింది. పొగడ్త మీద పొగడ్త పేరుకుంది. ఆయన భుజం మీదుగా తొంగిచూశాడు.

"ఇది జవాబా, పెళ్ళిలో మేనమామ ప్రసంగమా? పొగిడేముందు అతని కొలతలు చూశావా?"

చూడలేదు. మనిషి లేడని ఆయనను తప్పుపట్టింది తానే. తన పొగడ్తలలో మాత్రం స్పాస్ ఎక్కడున్నాడు? అవి ఎవరికి పంపినా సరిపోతాయి.

ఆమె ఆ గ్రహశకలపు కక్ష్యను తెరచి, లెక్కకు వచ్చిన స్థానాల పక్కన స్పాస్ కొలతలు ఉంచింది. తేడా వెంట్రుకవాసి. తనకంటూ వెలుగులేని ఒక రాయి, కోట్ల మైళ్ళ చీకటిలో, సూర్యుడి కాంతిని రవ్వంత ఇటు విసిరింది. తేనెపెట్టెల మధ్య నిలబడి ఒక మనిషి దాన్ని అందుకున్నాడు. ఇక దీనికి విశేషణాలెందుకు?

అంతా చెరిపేసి రాసింది:

"స్పాస్ గారూ, అది భ్రమ కాదు. మీరు చూసినది నిజంగా అక్కడే ఉంది. మీ కొలతలు మా లెక్కతో సరిపోయాయి. అది ఇదివరకే తెలిసిన గ్రహశకలం. మళ్ళీ కొలిస్తే మాకు పంపండి. రదోస్తినా."

ఒగ్న్యాన్ రెండుసార్లు చదివి తల అడ్డంగా ఊపాడు. వాళ్ళ దేశంలో తల అలా ఊపితే అవునని అర్థం.

తరువాతి వారమంతా కొండను మబ్బు కమ్ముకుంది. వేధశాల కప్పు తెరవనేలేదు. అప్పుడు వచ్చింది స్పాస్ మెయిల్. థాంక్సు లేదు, కబురు లేదు, కొత్త కొలతలు, కింద ఒక్క ముక్క: "మా వైపు తెరిపిచ్చింది."

ఒగ్న్యాన్ వాటిని కక్ష్య పటం మీద గుర్తుపెట్టాడు. తమకు ఖాళీగా మిగిలిన చోట, కక్ష్య గీత మీద, చుక్క వచ్చి కూర్చుంది.

"జవాబు రాయనా అండీ?" అంది రదోస్తినా.

"కుర్చీ ఇటివ్వు, నేను రాస్తాను."

ఆయన నెమ్మదిగా టైపు చేశాడు: "స్పాస్ గారూ, ఈ వారం మాకు ఆకాశం లేదు. మీది చూశాం. ఒగ్న్యాన్."