కుడి చెంప మీద వెలుగు

ధరణి మనుషుల పేర్లు మర్చిపోతుంది గానీ చెంపలు మర్చిపోదు. నరసరావుపేటలో ఒక ఫోటో స్టూడియో మేడ మీద కర్టెన్లు దించుకుని, పెళ్ళి ఫోటోలకు కంప్యూటర్లో మెరుగులు దిద్దీ దిద్దీ వచ్చిన అలవాటది. బస్సులో ఎదురుగా ఎవరన్నా కూర్చుంటే, ఎముక ఎక్కడ లేచింది, వెలుగు ఎక్కడ ఆగింది అని చూస్తూ దిగాల్సిన చోటు దాటిపోతుంది. ఇంట్లోవాళ్ళు దీనికి పెట్టిన పేరు పరధ్యానం.

ఆ మధ్యాహ్నం నాదెండ్ల నుంచి సరిత వచ్చింది. వచ్చే నెల్లో పెళ్ళి. కిందటేడు మిరపకోతకు వెళ్తుంటే ట్రాక్టర్ బోల్తాపడి ఆ పిల్ల కుడి చెంప ఎముక చితికింది. డాక్టర్లు సరిచేశారు గానీ ఆ చెంప చదునుగానే ఉండిపోయింది. అప్పట్నుంచీ కెమెరా కనపడితే ఎడమ చెంప ఇస్తుంది, లేదంటే లేచి వెళ్ళిపోతుంది. ఫోటోల్లేని పెళ్ళేందని తల్లి నాగవేణి ఏడ్చి మొత్తుకుంటే, చివరికి ఒక్క ఫోటోకి ఒప్పుకుంది. అందులో తన ముఖం తనకి నచ్చితేనే పెళ్ళికి కెమెరా. నచ్చకపోతే లేదు. ఫోటోగ్రాఫర్ కోటేశ్వర్ ఆ ఒక్కటీ వాళ్ళ మిరప కల్లంలో, పొద్దువాలే వేళ, రెండు చెంపలూ పడేట్టు కాస్త కుడివైపు నుంచి తీశాడు.

ధరణి అప్పటికే పని ముగించి కూర్చుంది. ఎడమ చెంపని కాపీ చేసి, తిరగేసి, కుడిచెంప మీద పెట్టింది. చెంప ఎముక కింద లోతు కనపడేట్టు గోధుమరంగు కాంటూర్, పైన ఎత్తు కనపడేట్టు మెరిసే హైలైటర్. తన పనికి తనే మురిసిపోయింది కూడా.

సరిత తెరకేసి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎవరక్కా ఈమె?"

"ఎవరేందే, నువ్వే!"

"చానా బాగుంది. కానీ నేను కాదు." తెర మీంచి చూపు తిప్పుకుంది. "అమ్మకి చెప్తాలే, కెమెరా వద్దని."

ధరణికి ఒళ్ళు మండింది. ఎవరికన్నా మండుతుంది మరి. ఆ మంటలోనే బొమ్మని ఇంకోసారి చూసింది, చూసి సిగ్గుపడింది. సూర్యుడు సరితకి ఎడమవైపున ఉన్నాడు. కుడిచెంప మీద తను పెట్టిన మెరుపు ఏ సూర్యుడిది? బుగ్గ కింద తను పూసిన నీడ ఎక్కడిది? కల్లం నిండా పరిచిన మిరపకాయల ఎరుపు కింద నుంచి పైకి లేచి, గడ్డం కిందా ముక్కు పక్కనా పల్చగా అంటుకుని ఉంది. నీడ కూడా అక్కడ ఎర్రగానే ఉంది.

"కూర్చోవే. ఇట్టా రా, ముఖం ఇయ్యి."

ధరణి చేతులు కడుక్కొచ్చి, కళ్ళు మూసుకుని, సరిత కుడిచెంప మీద వేళ్ళు పెట్టింది. చెవి దగ్గర్నుంచి వేళ్ళు మెల్లగా నడిచాయి. ఎముక ఉంది. ఎడమదానంత ఎత్తు లేదు, కొంచెం కిందికి ఒదిగి, మెత్తగా సాగి, ముక్కు దాకా రాకుండానే ఆగిపోయింది. గదిలో ఏసీ చప్పుడు దూరమైంది. పొద్దువాలిన కల్లంలో, ఎర్రటి వెలుగులో తనొక్కతే నడుస్తున్నట్టు అనిపించింది ధరణికి. సరిత కూడా ఊపిరి నెమ్మదించి, నిద్రలోకి జారినట్టు తల వాల్చేసింది. ఆ చెంపని డాక్టర్ల తర్వాత ఇంకొకరు ముట్టుకోవడం అదే మొదలు.

తర్వాత ధరణి చేసిందంతా చెరిపేసింది. అసలు ఫోటోకి ఏమీ అంటకుండా దాని మీద పొరలా కొత్త లేయర్ తెరిచి, గడ్డం కింది నీడలోంచే రంగు తీసుకుంది. మెత్తని బ్రష్‌తో, ఉందా లేదా అన్నంత పల్చగా, వేళ్ళు నడిచిన దారిలోనే కాంటూర్ పూసింది. గుండ్రటి ఎముక మీద వెలుగు చుక్కలా నిలుస్తుంది, చదును మీద పరుచుకుంటుంది. అందుకే హైలైటర్‌ని సన్నటి గీతగా కాకుండా, కాస్త ఎరుపు కలిపి వెడల్పుగా, మసగ్గా పరిచింది. ఎడమచెంప మీద ఎండ ఆగిన చోట మాత్రం పిసరంత మెరుపు.

"చూడు."

సరిత కుర్చీ ముందుకి జరుపుకుంది.

"నేనే అక్కా," అంది. "ముందు ఎట్టుందో చూపియ్యి."

ధరణి లేయర్ ఆపింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆపింది. సరిత తెరకి ముక్కు ఆనించినంత పని చేసింది.

"ఇప్పుడు రంగు పెట్టి ఉందా, తీసి ఉందా?"

"తీసే ఉంది. అది కోటేశ్వర్ తీసింది తీసినట్టే."

సరిత తెర మీద ఏమీ పూయని తన ముఖాన్ని, ఎర్రటి వెలుగులో చదునుగా, నెమ్మదిగా ఉన్న ఆ కుడిచెంపని, ఎవరో చుట్టాల పిల్లని చూసినట్టు ముచ్చటగా చూసింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు. ఇంత కష్టపడి చేసిన పని అక్కర్లేకుండా పోయిందని ధరణికి ఒక్క క్షణం ఉక్రోషం వచ్చింది. ఆ తర్వాత తన కళ్ళూ తడిశాయి.

సరిత ఫోన్ తీసి తల్లికి కలిపింది.

"అమ్మా, కోటేశ్వర్‌ అన్నని రమ్మను పెళ్ళికి," అంది. "నా కుడిపక్కన నిలబడమని చెప్పు."