సోనీ పెట్టిన పేరు

పేరున్న యూనివర్సిటీలో పేరు అక్కర్లేని ఉద్యోగం హరిప్రియది. పసిపిల్లలకు మాటలెలా వస్తాయో రికార్డు చేయాలి. మాటల మీదే బతుకు, మాట్లాడటానికే మనిషి లేడు! భీమవరం నుంచి వచ్చి ఛత్రినాకలో రెండో అంతస్తు గదిలో దిగి రెండేళ్లయింది. ఇంటావిడకు ఆమె ‘పై పోర్షన్’. డెలివరీవాళ్లకు ‘మేడం’. పాలవాడు ఆ మాత్రం కూడా అనడు, బెల్లు కొట్టి పోతాడు.

ఆమె కాస్త కుదురుగా కూర్చునే చోటు ఒక్కటే, పురానాపూల్ దగ్గర మాణిక్యమ్మ ఇల్లు. కోడలు రూప డ్యూటీకి పోతే, మనవరాలు సోనీని చూసుకునేది ఆవిడే. పదిహేను రోజులకోసారి హరిప్రియ వచ్చి చాప మీద కెమెరా పెడుతుంది. మూడో నెలలో సోనీ ‘ఊఁ’, ‘ఆఁ’ అంటూ రాగాలు తీసింది. ఏడో నెలలో ‘బబబబ’ అని బండి స్టార్టు చేసింది. పదో నెలకు ‘బదగ’ అని గేర్లు మార్చింది. ఏడాది నిండేసరికి ఒక్క మాటా అర్థం కాకుండానే అచ్చం అవ్వలా దబాయించేది. ఇప్పుడు ఏడాదిన్నర. అవ్వ, అమ్మ, పాలు, గిన్నె, బంతి, చెంచా అన్నీ తెలుసు.

ఇవాళ చివరి పరీక్ష. ఎవరూ వాడని ‘ముప్పి’ అనే మాట ఒకటి కల్పించి, ఓ చెక్కబొమ్మకు తగిలించారు. మూడు నెలలుగా హరిప్రియ గడపలో అడుగుపెట్టడం, సంచిలోంచి బొమ్మ తీయడం, “ముప్పి వచ్చింది! ముప్పిని చూడు!” అనడం. సోనీ ఆ బొమ్మను గుర్తుపడితే ఇంకో ఏడాది ఈ ఇంటికి రావచ్చు. లేదంటే ఇవాళ్టితో సరి.

చాప మీద గిన్నె, బంతి, చెంచా, చెక్కబొమ్మ పెట్టింది.

“సోనీ, ముప్పి ఏది?”

సోనీ బొమ్మ వంక చూడనైనా లేదు. చాప మీదుగా బుడిబుడి నడకతో వచ్చి, హరిప్రియ ముక్కు మీద వేలు పెట్టింది.

“ముప్పీ!”

“ఓయబ్బో! నీకే పేరు పెట్టింది బిడ్డా!” మాణిక్యమ్మ పకపకా నవ్వింది. “మల్ల గీ బొమ్మేంది బంగారం?”

“గుత్తి,” అంది సోనీ, గిన్నెలో పప్పు మెదిపినట్టు దాన్ని తిప్పుతూ.

హరిప్రియకు మొదటిరోజు గుర్తొచ్చింది. బొమ్మ తీయగానే, “ఇగో, పప్పుగుత్తి లెక్కనే ఉన్నది!” అంది మాణిక్యమ్మ. ఆ రోజు సోనీ ‘గుత్తి’ అంటే, తాను ‘అర్థం లేని ముద్దు పలుకు’ అని కాగితం మీద రాసుకుంది.

పాత వీడియోలు తిప్పి చూసింది. “ముప్పిని చూడు” అన్నప్పుడల్లా తన చూపు కెమెరా సరిచేయడంలో ఉంది, సోనీ చూపు తన మొహం మీద ఉంది. బొమ్మకు అప్పటికే ఒక పేరుంది. గదిలో పేరు లేనిది ఒక్క తానే. పరీక్ష పాడవకూడదని తన పేరు పాప ముందు అనొద్దన్నది కూడా తనే. మాణిక్యమ్మ పిలిచే ‘బిడ్డా’ సోనీకీ, కూరగాయలబ్బికీ కూడా వర్తించేదే. కొత్త మాట పేరు లేని మనిషిని వెతుక్కుని వచ్చి అంటుకుంది.

“గిప్పుడేమైతది?”

“తప్పు అని రాయాలి పిన్నిగారూ. ఇంక నేను రాకూడదు.”

“ఒప్పని రాస్కోరాదు! ఎవడొచ్చి సూస్తడు? బొమ్మ నేనే దాని చేతికిస్త.”

హరిప్రియ కాగితం ముందుకు లాక్కుంది. ఒక్క టిక్కు కొడితే ఏడాది పాటు ఈ చాప, ఈ చాయ్, ముక్కు మీద ఈ వేలు. కానీ పాప చేసింది తప్పు కాదు, చేయనిదాన్ని చేసిందనడం ఎలా? ‘బొమ్మను గుర్తించలేదు. పొరపాటు పరిశోధకురాలిది’ అని రాసి, కెమెరా ఆపేసింది.

“పిచ్చిపిల్ల! పరీక్ష లేకుంటె రావొద్దా ఏంది? ఊకనే రా, చాయ్ తాగిపో.”

“వస్తాను పిన్నిగారూ,” అంది. వచ్చే నెల నుంచి తాను రికార్డింగుకు వెళ్లాల్సిన ఇళ్లు ఊరికి ఆ చివర ఉంటాయని చెప్పలేదు.

సందు మలుపు దాకా వచ్చాక వెనక నుంచి వినబడింది. “ముప్పీ!”

పిలిస్తే పలకకూడదన్నది పరీక్ష నియమం. పరీక్ష అయిపోయింది.

“ఆఁ!” అంది హరిప్రియ, సందంతా వినబడేలా.

ఛత్రినాకలో గేటు తీస్తుంటే కింది వాటా కిటికీలోంచి ఇంటావిడ కేకేసింది. “పై పోర్షనూ! మోటరు బంద్ చెయ్యి, ట్యాంకు నిండింది!”

హరిప్రియ నోటి దాకా ‘ఆఁ’ వచ్చింది. అది ఈ పిలుపుకి కాదనుకుని మింగేసి, వెళ్లి మోటరు ఆపింది.