హాలు మైకులో నవ్వు

ఇంట్లో అందరూ ఆమెను చెవులపిల్లి అనేవారు. ప్రసంగాల రికార్డింగులు సరిచేసే స్టూడియోలో ఉద్యోగం వచ్చాక ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

ఆ ఉదయం బాబాయి ముఖం వేలాడేసుకుని స్టూడియోకి వచ్చాడు. పశువుల డాక్టరుగా రిటైరయ్యాక, మొన్ననే మొదటిసారి ఒక సభలో మాట్లాడాడు. సభవాళ్లు పంపిన రికార్డింగు విన్న దగ్గర్నుంచీ, ఇక మళ్లీ వేదికెక్కనని భీష్మించుక్కూర్చున్నాడు.

"ఒక్కడు నవ్వితే ఒట్టు. గోడలకి చెప్పుకున్నట్టుంది."

"నువ్వు విన్నది నీ కాలరు మైకు, బాబాయ్. దానికి నీ గొంతే గానీ జనం సరిగ్గా వినపడరు. హాలు మైకు రికార్డింగు తెప్పించాను, విను."

ఆమె పరిచయం దాటించి పెట్టింది. ముందు అతనికొచ్చిన అవార్డు సంగతి వచ్చింది. చప్పట్లు మోగాయి. బాబాయి ముఖం విప్పారింది.

"మైకు పక్కనే ఎవరో ఒక్కరు మొదలుపెట్టారు. మిగతావాళ్లు ఆగి అందుకున్నారు, అంతలోనే మానేశారు. మర్యాద చప్పట్లేమో అనిపిస్తోంది," అంది.

తర్వాత ఆవు కథ. మందు చీటీ ఇంటివాళ్ల చేతికిచ్చేలోపే ఆవు దాన్ని తినేసి, ఏ మందూ లేకుండానే కోలుకుందట. ఎడమవైపు నుంచి నవ్వు లేచింది, హాలంతా పాకబోయింది. అంతలో బాబాయి గొంతు దానిమీద పడింది. నవ్వు చప్పున అణిగిపోయింది.

"నవ్వనివ్వకుండా నువ్వే తొక్కేశావు. నీ మాట వినాలని వాళ్లు నవ్వు మింగేశారు."



చనిపోయిన గుర్రం గురించి చెబుతూ అతను ఆగిపోయిన చోటు వచ్చింది. "ఇది తీసెయ్. మాట మర్చిపోయాననుకుని ఉంటారు," అన్నాడు.

ఆమె శబ్దం పెంచింది. ఫ్యాన్ల హోరు తప్ప ఏమీ లేదు. అంతకుముందంతా కుర్చీలు కిర్రుమంటూనే ఉన్నాయి, ఎవరో ఒకరు దగ్గుతూనే ఉన్నారు. ఇక్కడ ఒక్క దగ్గూ లేదు. అతను మళ్లీ మాట అందుకోగానే నాలుగైదు దగ్గులు ఒక్కసారిగా వినిపించాయి.

"అయితే ఏడ్చారంటావా?"

"అది చెప్పలేను. కదలకుండా విన్నారని మాత్రం చెప్పగలను. వాళ్ల మనసులో ఏముందో మైకుకి తెలియదుగా."

బాబాయికి కుతూహలం పుట్టింది. మొదటినుంచీ పెట్టమన్నాడు. తనను పరిచయం చేసుకుంటూ, "నేను ఇంట్లో ఎవరిమీదా గొంతు పెంచను," అన్నాడు రికార్డింగులో. వెనక వరసల్లోంచి ఒకే ఒక్క నవ్వు, ముక్కుతో, కిసుక్కున.

"ఇక్కడ జోకేమీ లేదే," అంది ఆమె. "ఎవరో ఒక్కరికే ఏదో తెలుసు."

బాబాయి మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి విని హెడ్‌ఫోన్లు తీసేశాడు.

"అది మీ పిన్ని."

"రానందిగా?"

"నేనే రావద్దన్నాను. తను చూస్తుంటే మాట తడబడుతుందని." ముసిముసిగా నవ్వుకున్నాడు. "ఏమీ ఎరగనట్టు, ఎలా జరిగిందండీ అని అడిగింది చూడు ఇంటికెళ్లాక."

అక్కడినుంచే సభవాళ్లకు ఫోన్ చేశాడు. వాళ్లడిగిన రెండో ప్రసంగానికి వస్తానన్నాడు, ముందు వరసలో ఒక కుర్చీ ఉంచమన్నాడు.