ఒకే తువ్వాలు

మా క్రెష్‌లో ఆరుగురు పిల్లలకు ఒకేసారి జలుబు చేసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. మూడు రోజుల కిందట చిట్టిదాన్ని తడి తలతో దింపి వెళ్లిన వాళ్లమ్మను గుమ్మంలోనే, తల్లులందరి ముందూ కడిగేశాను.

"నీ నిర్లక్ష్యానికి అందరి పిల్లలూ మంచాన పడాలా? కన్నతల్లివేనా నువ్వు?"

ఆ అమ్మాయి తల దించుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం పిల్లల్ని చూడడానికి వచ్చిన నర్సమ్మతోనూ అదే చెప్పాను. "తడి తల, పైన ఏసీ. అందుకే ఏసీ కట్టేసి కిటికీలన్నీ మూయించాను."

"తెరిపించండి. జలుబు వైరస్ వల్ల వస్తుందమ్మా, తడి తల వల్ల కాదు. జలుబున్నవాళ్ల తుమ్ముల్లోంచి, చేతుల్లోంచి అంటుకుంటుంది. చలికాలంలో ఎక్కువ రావడానికి, తలుపులేసుకుని అందరం ఒకే గదిలో ఉండడం కూడా ఒక కారణం. మూడు రోజుల కిందట ఇక్కడ ఎవరికైనా జలుబుందా?"

నాకే ఉంది. ఆ రోజు నా ముక్కు తుడుచుకున్న తువ్వాలుతోనే, జలుబు చేస్తుందేమోనని చిట్టిదాని తలా మొహమూ తుడిచాను. ఆ చేత్తోనే మిగతా అయిదుగురి ముక్కులూ తుడిచాను.

లేచి వెళ్లి కిటికీలన్నీ తెరిచాను.

సాయంత్రం చిట్టిదాని తల్లి వచ్చింది. "తప్పయిపోయిందండీ. ఇకనుంచి తల ఆరాకే పంపిస్తాను," అంటూ కొత్త తువ్వాలొకటి నా చేతిలో పెట్టింది.

చెప్పేద్దామనుకున్నాను. చుట్టూ పొద్దుటి తల్లులే నిలబడి ఉన్నారు.

"సరేలే," అన్నాను.