మూడో బీరువా చూపించినవాడు

మాటలు మెత్తన చెయ్యకు మనవరాలా. మీ అన్న అన్న మాట అన్నట్టే రాయి.

"తాతయ్యా, ఎవరైనా వచ్చి ఆరోగ్యం పుస్తకాలు కావాలంటే బీరువా చూపిస్తాను, అంతే. ఎవరికి, ఎందుకు అని అడగడానికి నేనేమన్నా పోలీసునా?"

మొన్న ఫోన్‌లో ఇలా అన్నాడు దుర్గాశంకర్. గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చి నెల కాలేదు. పుస్తకాలు ఎలా ఇవ్వాలో కాలేజీలో చదివొచ్చాడు. నేను చదివింది నాలుగో తరగతి. బీరువా చూపించడం నాకూ వచ్చు. ఇరవై ఆరేళ్ళు అటెండరుగా అదే పని చేశాను. కుర్చీలోంచి లేవకుండా గడ్డంతో చూపించేవాణ్ణి. దానికి అంత చదువెందుకో నాకు తెలియదు.

రాయి. ప్రత్యూషా, నెమ్మదిగానే చెప్తాను.

నా రిటైర్మెంటుకి ముందు ఏడాది మా శాఖా గ్రంథాలయానికి కృప మేడమ్ వచ్చింది. బందరు కాలువ పక్కన రెండు గదులు, పదకొండు బీరువాలు. ఆరోగ్యం పుస్తకాలు మూడో బీరువాలో. ఎవరొచ్చి ఏ జబ్బు పేరు చెప్పినా నేను వంటింటి చిట్కాల పుస్తకమే తీసిచ్చేవాణ్ణి. అట్ట ఊడిపోయి సూదీ దారంతో కుట్టిన పుస్తకం. అక్కడే నిలబడి తిరగేసి బల్ల మీద పెట్టేసి పోయేవాళ్ళు. ఎవరూ తిరిగొచ్చి బాగాలేదని అనలేదు. బాగుందనీ అనలేదు. అసలు తిరిగి రాలేదు. అది నా గొప్పతనం అనుకున్నాను.

కృప మేడమ్ అలా కాదు. ఎవరొచ్చినా ఎదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టేది. 'దేని గురించి తెలుసుకోవాలండీ', 'ఇప్పటికి మీకేం తెలుసు', 'ఎప్పటికి కావాలి'. పేపరు చదువుకోడానికి వచ్చే రిటైర్డ్ మాస్టారు వెంకటకృష్ణారావుగారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

"ఏం ఆదిశేషయ్యా, మీ మేడమ్ పెళ్ళిచూపులు అయ్యాయా?" అనేవాడాయన.

"ఇంకా గోత్రం దగ్గరే ఉందండీ" అనేవాణ్ణి నేను.

ఇద్దరం ముసలి వెధవలం.

ఒక గురువారం ఉదయం ఇద్దరొచ్చారు. మగాయన్ని నేనెరుగుదును. జాన్సన్, రోడ్డు మీద పురుగుమందుల కొట్టు. వెనకాల ఆయన అక్క శౌరమ్మ. నాట్లకీ కలుపులకీ పోయే మనిషి. చేతిగోళ్ళ సందుల్లో బురద మరక ఎన్నేళ్ళదో, పోయేది కాదు. భర్త లేడు. పదో తరగతి చదివే కూతురు ఉంది.

"ఆరోగ్యం మీద పుస్తకాలున్నాయాండీ?" అంది శౌరమ్మ.

నేను గడ్డం ఎత్తాను. "అదిగో, మూడో బీరువా."

అక్కడితో నా పని అయిపోయింది. కృప మేడమ్ పని అక్కడ మొదలైంది.

"రండమ్మా, కూర్చోండి. ఆరోగ్యం అంటే చాలా ఉన్నాయి. మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు?"

జాన్సన్ అందుకున్నాడు. "ఏదో ఒకటి ఇచ్చెయ్యండి మేడమ్. ఆస్పత్రి కాయితాలకి జిరాక్స్ తీయించడానికి బజారుకొస్తే లైబ్రరీ చూద్దామంది. కాలక్షేపానికి."

"మీరు చెప్పండమ్మా" అంది మేడమ్, ఆవిణ్ణే చూస్తూ.

"కిడ్నీల గురించి..." అంది శౌరమ్మ.

"మా అన్న పాల్‌కి కిడ్నీలు పోయాయండీ" అని మళ్ళీ జాన్సనే. "విజయవాడలో డయాలసిస్ చేయిస్తున్నాం. ఏం తినాలి ఏం తినకూడదు, అదన్నమాట."

నేను అప్పటికే బీరువా తీసి పథ్యం పుస్తకం ఒకటి పట్టుకొచ్చాను, చూశావా నా చురుకు. మేడమ్ అట్ట లోపల అచ్చైన ఏడాది చూసింది. "ఇది చాలా పాతది ఆదిశేషయ్యగారూ. వైద్యం మారిపోతుంది" అని పక్కన పెట్టింది. తర్వాత జాన్సన్ వైపు తిరిగి మహా మర్యాదగా అంది.

"పుస్తకం ఇంటికి తీసుకెళ్ళాలంటే కార్డు రాయాలండీ. అక్కగారి ఆధార్ జిరాక్స్ కావాలి. ఈ ఫారం మీద ఊళ్ళో ఉద్యోగస్తులెవరి చేతైనా హామీ సంతకం చేయించుకురండి. ఈలోగా నేను పుస్తకం చూసి ఉంచుతాను."

ఇంటికి తీసుకెళ్తామని ఇంకా ఎవరూ అనలేదు. కార్డు కావాలనడం నిజమే, తొందర మాత్రం లేదు. అది నాకు తెలుసు. ఏమిటీ నాటకం అనుకున్నాను. జాన్సన్ విసుక్కుంటూ బండి ఎక్కి పోయాడు.

మేడమ్ కుర్చీ కిటికీ వైపుకి, వెంకటకృష్ణారావుగారి పేపరుకి దూరంగా జరిపింది. నేను బీరువా దులుపుతూ దగ్గర్లోనే ఉన్నాను. వినడం కోసమే, ఒప్పుకుంటాను.

"పాల్‌గారి తిండి గురించేనాండీ మీకు కావల్సింది?"

"ఆయన తిండి వాళ్ళావిడ చూసుకుంటదమ్మా."

"మరి మీరు చదివాక ఏం చెయ్యాలనుకుంటున్నారు?"

ఏం ప్రశ్న అది, పుస్తకం చదివి ఎవరైనా ఏం చేస్తారు అనుకున్నాను. శౌరమ్మ గోళ్ళ సందుల్లో మరక గీక్కుంటూ కూర్చుంది. మేడమ్ తొందరపెట్టలేదు. నేనైతే ఆపాటికి నాలుగు పుస్తకాలు ఒళ్ళో పడేసేవాణ్ణి.

"సోమవారం సంతకం పెట్టాలమ్మా" అంది చివరికి.

"దేనికండీ?"

"నా కిడ్నీ అన్నకి ఇవ్వడానికి. టెస్టులన్నీ అయినయ్యి, సరిపోయిందన్నారు. ఇంట్లో అందరూ కూర్చుని ఖాయం చేశారు."

ఆ అందరిలో ఈవిడ లేదు. ముగ్గురు అన్నదమ్ములు కుర్చీల్లో కూర్చుని ఒక కూలిమనిషి కడుపులో ఉన్నదాన్ని పంచుకున్నారు. టెస్టు చేయించుకోడానికి జాన్సన్‌కి కొట్టు అడ్డమట. మూడోవాడికి భార్య అడ్డమట. ఈవిడకి అడ్డం ఏమీ లేదట. రాయి, నాకు తుపుక్కున ఉమ్మాలనిపించిందని రాయి.

"అయితే కిడ్నీ ఇచ్చేవాళ్ళకి తర్వాత ఎలా ఉంటుందో మీరు తెలుసుకోవాలి. అంతేనా, ఇంకేమైనా ఉందా?" అంది మేడమ్.

శౌరమ్మ గుమ్మం వైపు చూసింది. "ఒంటి కిడ్నీతో ఎండలో బురదలో నాట్లెయ్యగలనా అని. ఆస్పత్రిలో అడుగుదామంటే తమ్ముడు పక్కనే ఉంటాడు. ఇంకోటమ్మా... టెస్టులు చేయించుకున్నాక వద్దనొచ్చా? కేసేమన్నా పెడతారా?"

చూడు మనవరాలా. ఆరోగ్యం అని వచ్చింది. లోపల ఉన్నది ఇది. నేను వంటింటి చిట్కాలు ఇచ్చి పంపేవాణ్ణి.

"తెలుగు చదువుతారా?"

"పెద్దక్షరాలైతే. ఐదు దాకా చదివాను."

మేడమ్ కంప్యూటరు ఆవిడ వైపు తిప్పింది. ఒక ప్రభుత్వ ఆస్పత్రి వాళ్ళు దాతల కోసం తెలుగులో వేసిన చిన్న పుస్తకం తీసి, ఏ ఏడాది వేశారో చూసుకుని, అక్షరాలు పెద్దవి చేసి చదివించింది. చాలామంది మామూలుగానే ఉంటారనీ, మొదట్లో కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదనీ, ఏటా పరీక్ష చేయించుకోవాలనీ ఉంది.

"నాట్ల సంగతి ఏదమ్మా?"

"ఇందులో లేదండీ. లేనిది నేను చెప్పకూడదు, నేను డాక్టర్ని కాను. అది డాక్టర్నే అడగాలి. అడగాల్సినవి రాసుకుందాం."

ఆ 'లేదు' అన్న మాట నా నోట ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి రాలేదు. నాకు తెలియంది అడిగితే ఏదో ఒకటి చేతిలో పెట్టేవాణ్ణి.

తర్వాత దాత సంతకం పెట్టే సర్కారు ఫారం తెరిచింది. ఇంగ్లీషులో ఉంది. ఒక్కొక్క వాక్యం వేలితో చూపిస్తూ తెలుగులో చెప్పింది. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు, నా ఇష్టంతో ఇస్తున్నాను అని ఒకటి. ఇంకొకటి: ఆపరేషన్ జరిగేలోపు ఎప్పుడైనా నా ఒప్పుకోలు వెనక్కి తీసుకోవచ్చని నాకు తెలుసు.

"ఇంకోసారి చెప్పమ్మా" అంది శౌరమ్మ.

మేడమ్ మళ్ళీ చెప్పింది. ఆవిడ ఆ ఇంగ్లీషు వాక్యం మీద వేలు పెట్టి చూసుకుంది. ఒక్క అక్షరం రాదు. అయినా ఆ చోటు గుర్తుపెట్టుకుంది. పై నుంచి ఎన్నో వరసో లెక్కపెట్టుకుంది.

"ఇవ్వమని గానీ వద్దని గానీ నేను అనడం లేదండీ" అంది మేడమ్. "మార్పిడి ఆపరేషన్లు చేసే ఆస్పత్రిలో దాతలతో మాట్లాడ్డానికి ఒక మనిషి ఉంటారు. కోఆర్డినేటర్ అంటారు. తమ్ముడు లేకుండా మాట్లాడాలని వాళ్ళని అడగొచ్చు. ఇది మీరు అడగాలనుకున్నదేనా? ఇంకా ఏమైనా మిగిలిందా?"

"ఇదేనమ్మా. నాకే సరిగా అడగడం రాలా."

చిన్న పుస్తకం, ఫారం ప్రింటు తీసి, ప్రశ్నలు రాసిన కాగితం జతచేసి ఇచ్చింది. అప్పుడే బయట బండి చప్పుడు. శౌరమ్మ నా వైపు తిరిగింది.

"బాబాయ్, నువ్వు దులిపిన ఆ కుట్టిన పుస్తకం కూడా ఇవ్వు. పైన పెట్టుకోడానికి."

నా వంటింటి చిట్కాలు ఎవరికైనా పనికొచ్చింది ఆ ఒక్కసారే.

జాన్సన్ చూశాడు. పై పుస్తకం తిరగేశాడు. "అల్లం రసం, మెంతులు. దీనికా నన్ను ఊరంతా తిప్పారు?" అని నవ్వాడు.

మంగళవారం వాడు నవ్వకుండా వచ్చాడు.

"మా అక్క నిన్న సంతకం పెట్టలా! ఆస్పత్రిలో ఎవరో మేడమ్‌తో తలుపేసుకుని గంట మాట్లాడింది. బయటికొచ్చాక డాక్టరు మమ్మల్ని టెస్టులు చేయించుకోమంటున్నాడు. మా అక్కకి ఇన్ని తెలివితేటలు ఎక్కణ్ణుంచొచ్చాయి? ఏం పుస్తకాలిచ్చారు మీరు?"

"ఎవరు ఏం చదివారో మేం ఎవరికీ చెప్పమండీ" అంది కృప మేడమ్.

"నేను సొంత తమ్ముణ్ణి!"

"అయినా చెప్పమండీ."

అప్పుడు వాడు నా మీద పడ్డాడు. ఊళ్ళో వాళ్ళకి తెలుసు, నా నోట్లో మాట నిలవదని. ఎవరింట్లో అమ్మాయి ఏ నవల పట్టుకెళ్ళిందో కాలువ గట్టు మీద చెప్పినవాణ్ణి నేనే. వెంకటకృష్ణారావుగారు పేపరు దించి మరీ చూస్తున్నాడు.

"ఆదిశేషయ్యా, నువ్వు అక్కడే ఉన్నావుగా. చెప్పు."

నేను కుర్చీలోంచి లేవలేదు. గడ్డం ఎత్తాను.

"ఆరోగ్యం మీద పుస్తకాలయ్యా. అదిగో, మూడో బీరువా. ఏ పుస్తకం ఇచ్చామో నువ్వే తిరగేసి నవ్వావుగా. నీక్కూడా కావాలా? టెస్టుకి వెళ్ళే ముందు చదువుకుందువుగాని."

మేడమ్ తల దించుకుని రిజిస్టరు రాసుకుంటోంది. జాన్సన్ మొహం మాడిపోయింది. మెట్లు దిగుతూ లైబ్రరీ మూసేయించేస్తానన్నాడు. మూయించడం మాట అలా ఉంచి, టెస్టుకి మాత్రం పోయాడని విన్నాను. సరిపోయిందో లేదో నాకు తెలియదు, అడగలేదు.

శౌరమ్మ నాట్లు అయ్యాక వచ్చింది. కుట్టిన పుస్తకం తిరిగిచ్చింది. ఇరవై ఆరేళ్ళలో ఆ పుస్తకం ఇంటికి పట్టుకెళ్ళి మళ్ళీ ఎవరైనా తెచ్చి ఇవ్వడం అదే మొదలు.

"ఇవ్వనని చెప్పేశాను బాబాయ్. అన్నయ్య నాతో మాట్లాడతాడు. జాన్సనే మాట్లాడ్డు" అంది. కొత్త కార్డు చూపించి కూతురికి లెక్కల గైడు అడిగింది. నేను లేచాను. ఏ లెక్కలు రావడం లేదమ్మా మీ అమ్మాయికి, అని అడిగాను. నా మొదటి ప్రశ్న అది, రిటైర్మెంటుకి నాలుగు నెలల ముందు.

ఇంతే. ఇంకేం కలపకు. పోలీసునా అన్నాడుగా మీ అన్న. ఆదివారం వాడికి సెలవు. ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించు. మధ్యలో నవ్వితే ఆపు, మళ్ళీ మొదటి నుంచి చదువు.