మూడో రింగు

మా దానయ్యన్నకి గవరమ్మ వదినతో మాట్లాడాలంటే మూడుసార్లు ఫోన్ చెయ్యాల్సి వచ్చేది. ఆ తిప్పలు తెచ్చిపెట్టింది నేనే.

2004 దీపావళి తర్వాత అన్న కారునికోబార్ దీవిలో కాంట్రాక్టరు కింద తాపీపనికి వెళ్లాడు. వెళ్లేముందు పోర్టుబ్లెయిర్ బజార్లో ఒక నల్ల ఫోను, సిమ్ము కొని వదినకి ఇచ్చాడు. అక్కడే డెయిరీ ఫార్మ్ పేటలో మా వీధి మొత్తానికి అదే మొదటి సెల్లు. నంబరు చివర రెండు తొమ్మిదులు, ఒక నాలుగు. వదినకి చదువు రాదు కానీ ఆ పది అంకెలూ పాటలా పాడేది. నాకేమో గొంతులు మార్చే పిచ్చి. బూత్ నుంచి ఆ నంబరుకి కొట్టి, అన్న గొంతుతో "గవరా, సాయంత్రం షిప్పుకి వచ్చేస్తన్నా, కోడిని కొయ్యి" అన్నాను. వదిన నిజంగానే కోడిని కోసింది. నేను వెళ్లి తిన్నాను కూడా.

సంగతి తెలిశాక అన్న నన్ను ఫోన్లోనే నాలుగు తిట్టి, వదినతో ఒక లెక్క పెట్టుకున్నాడు. తనైతే రెండుసార్లు చేసి, మోగగానే కట్ చేస్తాడు. మూడోసారి చేస్తేనే ఎత్తాలి. మొదటిసారే మాట్లాడడానికి చూసేవాడు సత్యారావు, అంటే నేను, ఎత్తకు అని.

డిసెంబరు 25 రాత్రి వదిన ఫోను రెండుసార్లు మోగి ఆగింది. మూడోది రాలేదు. కారునికోబార్ లైను కలవకపోవడం మామూలే, రేపు చేస్తాడులే అని వదిన పడుకుంది. తెల్లారి భూమి ఊగింది, సముద్రం లేచింది. అన్న పనిచేసే ఊరే లేకుండా పోయింది. పేరు తప్పిపోయినవాళ్ల లిస్టులో ఉంది కానీ మనిషి దొరకలేదు. అప్పటికి వదినకి అయిదోనెల, కడుపులో ఉన్నది స్వాతి.

ఆ తర్వాత నేను గొంతులు మార్చలేదు. వదిన మాత్రం ఆ నంబరు మార్చలేదు. ఫోన్లు మూడు పాడయ్యాయి, సిమ్ము ఒకటే. ఎవరు చేసినా రెండుసార్లు మోగనిచ్చి, మూడోసారే ఎత్తేది. చుట్టాలందరికీ అలవాటైపోయింది. కొత్తవాళ్లకి నేనే చెప్పేవాణ్ని, మా వదిన కలెక్టరు కంటే బిజీ అని.

బ్యాంకు ఖాతా, ఆధారు, గ్యాసు, అన్నిటికీ ఆ నంబరే. వీధి మొదట్లో నా దుకాణం, టీతో పాటు రీచార్జి. ఆమెది నెలనెలా నేనే చేసేవాణ్ని.

రెండేళ్ల కిందట స్వాతి రంగత్ ఊళ్లో ఉద్యోగంలో చేరింది. అమ్మని వీడియోలో చూడాలని పెద్ద ఫోను కొంది. పాత కంపెనీ సిగ్నలు మా వీధిలో సరిగా అందదు, ఈ ప్లాను ఆపేసి వేరే కంపెనీకి మారిపోదాం అంది. నాకిది రోజూ ఉండే పని. పాత సిమ్ము నుంచి 1900కి మెసేజ్ పంపితే ఒక కోడ్ వస్తుంది. నాలుగు రోజుల్లోపు ఆ కోడ్, ఆధారు ఇస్తే కొత్త కంపెనీ సిమ్ములో అదే నంబరు వస్తుంది. అదంతా చెప్పి, మారే రోజు కొన్ని గంటలు మాత్రం ఫోను పలకదు అన్నాను.

వదిన పాత ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఎన్ని గంటలు?"

"మూడో, నాలుగో. అదీ రాత్రిపూటే వదినా."

"వద్దు సత్తెం. ఆయన చేసింది రాత్రే కదా."

స్వాతి నావైపు చూసింది, ఏదో ఒకటి చెప్పు చిన్నాన్నా అన్నట్టు. నేను తెలివిగా దారి చూపించాను. నంబరు మార్చొద్దు, కొత్త సిమ్ము కొత్త నంబరుతో తీసుకుని చుట్టాలందరికీ అదే ఇద్దాం, పాత ఫోను పాతగా అల్మారా మీద ఉంటుంది. దానికి రీచార్జి కూడా దండగ, ఎప్పుడో లైఫ్‌టైమ్ చేయించిన సిమ్ము, వచ్చే కాల్స్ వస్తూనే ఉంటాయి అన్నాను. ఆ లైఫ్‌టైమ్ లెక్క ఏనాడో పోయిందని, ప్లాను అయిపోయిన సిమ్ము మూడు నెలలు వాడకపోతే నంబరు తీసేస్తారని, రీచార్జి దుకాణం పెట్టుకున్న నాకే తెలీదు. ఇన్నాళ్లూ ఆమె ప్లాను అయిపోయేదాకా ఎప్పుడూ ఆగలేదు కాబట్టి తెలిసే పని పడలేదు.

అలాగే కానిచ్చాం. వదిన ఆ పాత చిన్న ఫోనుకి రోజూ చార్జింగు పెట్టేది, కొంగుతో తుడిచేది. దీపం వెలిగేది, టైము చూపించేది. హెచ్చరిక మెసేజ్‌లు వచ్చాయి, ఇంగ్లీషులో. ఆ తర్వాత తెర మీద సర్వీసు లేదని వచ్చింది, అదీ ఇంగ్లీషులోనే. ఆమె దృష్టిలో ఫోను బతికే ఉంది. పది నెలలు అలా చూసుకుంది.

బయటపడింది స్వాతి సెలవుకి వచ్చినప్పుడు. అమ్మ బ్యాంకు ఖాతా తన ఫోన్లో పెట్టబోతే కోడ్ పాత నంబరుకి పంపామని వచ్చింది. చిన్న ఫోనుకి ఏదీ రాలేదు. స్వాతి దాన్ని చేతిలోకి తీసుకుని చదివింది. దాంతోనే నా దుకాణానికి నడిచొచ్చింది.

కంపెనీ ఆఫీసులో, నంబరు వేరేవాళ్లకి ఇచ్చేశాం, ఇక వెనక్కి రాదు అన్నారు. మేమే ఆ నంబరుకి చేశాం. మొదటి రింగుకే ఎత్తారు. తుష్నాబాద్ ఊళ్లో కూరగాయలు పండించే జోగులు అట. మనవాడే, హిందీలో మొదలెట్టి తెలుగులోకి వచ్చాడు. గవరమ్మ పేరు మీద కోడ్‌లు, గ్యాసు మెసేజ్‌లు వస్తున్నాయి భయ్యా, ఎవరికీ చెప్పలేదు, ఎవరో వెతుక్కుంటూ వస్తారనుకున్నా అన్నాడు. వేరేవాడి చేతిలో పడుంటే ఏమయ్యేదో.

వదిన నా పక్కనే కూర్చుంది.

"ఎవరన్నా ఫోన్ చేశారేమో అడుగు. నిజం సెప్పు, ఆటలాడకు."

అడిగాను. మెసేజ్‌లే తప్ప ఎవరూ చెయ్యలేదన్నాడు జోగులు. అదే చెప్పాను. తిడుతుందనుకున్నాను.  ఫోను ఇమ్మని చెయ్యి చాపింది.

"బాబూ, నాను గవరమ్మని. రెండుసార్లు మోగి ఆగిపోతే విసుక్కోకు. మూడోది ఎత్తు. దానయ్యనని అంటే, గవర ఇంటిదగ్గరే ఉన్నాదని సెప్పు. ఆడపిల్ల పుట్టిందని సెప్పు."

మర్నాడు పాస్‌బుక్కు, ఆధారు పట్టుకుని బ్యాంకుకి వెళ్లాం. నంబరు మార్చే ఫారం స్వాతి నింపింది. పాత నంబరు అని ఒక గడి ఉంది. స్వాతి రాసేలోపు వదిన తనే చెప్పింది, పాటలాగే, చివర తొమ్మిది తొమ్మిది నాలుగు. వేలిముద్ర వేసి, సిరా తుడుచుకోలేదు. అక్కణ్ణించి ఆధారు సెంటరుకి వెళ్లి అక్కడా కొత్త నంబరే ఇచ్చాం. ఇంటికొచ్చాక చిన్న ఫోనుకి మళ్లీ చార్జింగు పెట్టింది. నేనూ స్వాతీ వద్దనలేదు.

నాలుగు రోజులకి, ఇక మా మెసేజ్‌లు రావని చెప్పి దండం పెడదామని జోగులుకి ఫోన్ చేశాను. వాన పడుతోంది, లైను సరిగా లేదు. రెండుసార్లు మోగి మోగి కట్టయింది. మూడోసారి చేశాను.

అటువైపు వెంటనే ఎత్తాడు. 

"దానయ్య అన్నా?" అన్నాడు.

అన్న గొంతు నాకింకా వచ్చు.

"కాదు తమ్ముడూ. సత్యారావుని" అన్నాను.