నిండని రెండు

బాలుసామి పదకొండేళ్లుగా రాజపాళయంలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. చిత్తిరై నెలలో, అంటే ఏప్రిల్‌లో, ఒక ఉదయం గురువమ్మాళ్ అవ్వ వచ్చింది. కొడుక్కి మూణార్ తేయాకు తోటలో గుమాస్తా పని. కోడలినీ మనవరాలినీ అక్కడికి తీసుకుపోవాలి. బోడి ఊరు దాటితే ఘాట్ రోడ్డు. బిడ్డ బస్సెక్కితే చాలు, కక్కుతుంది.

డాక్టరు ఊళ్లో లేడు. బాలుసామి బిడ్డ వయసు అడిగాడు.

“రెండు,” అన్నది అవ్వ.

ఆ రెండును చీటీలో రాసుకొని, కక్కు ఆపే ప్రొమెథజీన్ సిరప్ చిన్న సీసాలో పోసి ఇచ్చాడు. బస్సు ఎక్కే గంట ముందు ఒక టీ చెంచా. మళ్లీ పోయకూడదు. కాస్త మగతగా ఉంటుంది, భయపడవద్దన్నాడు.

బిడ్డ కక్కలేదు. దారి పొడుగునా తల్లి ముత్తులక్ష్మి ఒళ్లో నిద్రపోయింది. బస్సులోవాళ్లు ఎంత బుద్ధిమంతురాలన్నారు. మూణార్‌లో దించేసరికి ఒళ్లు చల్లబడి ఉంది, ఊపిరి లేదు.

పదహారు రోజులకు, కోడలిని వెంటబెట్టుకుని ఊరికి తిరిగివచ్చిన అవ్వ మళ్లీ డిస్పెన్సరీకి వచ్చింది. కోడలు చెంచా మీద చెంచా పోసిందని వీధంతా అంటున్నదట. ముత్తులక్ష్మి అన్నం ముట్టడం లేదట.

“ఒక్క చెంచానే పోసినాం నాయనా. నువ్వు చెప్పినట్టే. సీసా చూడు.”

సీసాలో మందు ఒక్క చెంచానే తగ్గి ఉంది. బాలుసామి బిడ్డ పుట్టిన నెల అడిగాడు.

“పోయినేటికి ముందేటి ఆవణి. రెండు నడుస్తా ఉండె.”

ఆవణి అంటే ఆగస్టు; అక్కణ్నుంచి ఏప్రిల్‌కు వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఇరవై నెలలు. మన ఇళ్లలో నడిచే ఏడునే వయసుగా చెబుతారని అతనికి తెలుసు. అతని తల్లీ అలాగే చెప్పేది. అందుకే డాక్టరు, రెండు అంటే చాలదు, రెండు నిండిందా అని అడగమని పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పాడు. కక్కును ఆపే ఆ మందే నిద్ర పట్టిస్తుంది. మరీ చిన్నబిడ్డల్లో ఆ నిద్ర ఊపిరినీ తగ్గించవచ్చు. ఏ బిడ్డకు తగ్గుతుందో ముందుగా తెలియదు. కాబట్టి రెండు నిండనివాళ్లకు మందే వద్దు. ముందు సీటు, కిటికీ గాలి, కొంచెం కొంచెంగా తిండి, అంతే.

ఆ రోజు అతను అడగలేదు.

“తప్పు మీది కాదవ్వా,” అన్నాడు. “నాది. ఆ మందు ఆ వయసుకు ఇయ్యకూడదు. నేను సరిగా అడగలేదు.”

గురువమ్మాళ్ సీసాను కొంగులో చుట్టుకుంది. తిట్టలేదు. “ఆ మాట నాకు కాదు, నా కోడలికి వచ్చి చెప్పు,” అన్నది.

అతను డిస్పెన్సరీ తలుపు మూసి ఆమె వెనకే నడిచాడు. ఆ ఇంట్లో, గోడకు ఆనుకుని కూర్చున్న ముత్తులక్ష్మికి అదే మాట మళ్లీ చెప్పాడు. ఆమె తల ఎత్తింది.

“నిద్రపోతా ఉండాదనుకున్నా. నడుమ ఒక్కసారి లేపి చూసి ఉంటే?”

బాలుసామి ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు. లేపితే బిడ్డ బతికేదేమో, అప్పటికీ పోయేదేమో.

“లేపి చూడమని నీకు చెప్పవలసింది కూడా నేనే అమ్మా,” అన్నాడు.